“డబ్బులిచ్చి చేయించుకుంటున్నారు” అని మొదట్లోనే చెప్పేసిన ఇడ్లీ పిండి వీడియో: ఒక కేస్ స్టడీ

బెంగళూరులో ఉంటూ తెలుగులో వీడియోలు చేసేవాళ్ళకి కంపెనీ డీల్స్ చూసిపెట్టడం నా పని. కాంట్రాక్ట్ చదవడం, స్క్రిప్ట్ సరిచూడడం, చివరికి ఎడిటర్ పక్కన కూర్చుని ఏ లేబుల్ ఎక్కడ ఎంతసేపు ఉండాలో చూసుకోవడం, అన్నీ అందులోనే వస్తాయి. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. నా దగ్గరికి వచ్చే ప్రతి క్రియేటర్‌కీ, ప్రతి కంపెనీకీ ఉండే భయం ఇందులో నికార్సుగా కనిపించింది: “పెయిడ్ అని చెప్తే చూడటం మానేస్తారు.” ఆ భయం ఎంతవరకు నిజమో, ఎక్కడ తప్పో రెండూ ఇందులో తేలాయి.

క్రియేటర్ పేరు, ఛానెల్, కంపెనీ పేరు, కాలం ఇక్కడ ఉండవు. గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. వస్తువుని మాత్రం మార్చలేదు. టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ కాకుండా ఇంకేదైనా అయితే ఈ కథ ఇలా నడిచేది కాదు.

నేపథ్యం

ఆమెది కృష్ణా జిల్లా వైపు. భర్త ఉద్యోగం వల్ల బెంగళూరు తూర్పు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. వంట, ఇల్లు సర్దుకోవడం, అక్కడి సామాను ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది లాంటి వీడియోలు చేస్తుంది. చూసేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు ఆడవాళ్ళే. కామెంట్లలో అందరూ ‘అక్కా’ అనే పిలుస్తారు. పనిలో పనిగా వంటింట్లో ఫోన్ నిలబెట్టుకుని చూసేవాళ్ళు చాలామంది అని కామెంట్లను బట్టే తెలుస్తుంది. ఈ చివరి సంగతి తర్వాత పనికొస్తుంది.

నా దగ్గరికి రాకముందు ఆమె రెండు డబ్బుల వీడియోలు చేసింది. మొదటిది ఒక కుక్కర్‌కి. అది పెయిడ్ అని చెప్పిందల్లా డిస్క్రిప్షన్ అడుగున, పదిహేను హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య #collab అన్న ఒక్క ముక్క. వీడియోలో నోటితో ఏమీ చెప్పలేదు. “అక్కా, ఇది ప్రమోషనా?” అని ఒకావిడ అడిగితే ఆ కామెంట్‌కి హార్ట్ పెట్టి ఊరుకుంది. కొన్నాళ్ళకి ఇంకెవరో డిస్క్రిప్షన్ తెరిచి చూసి, “కింద దాచిపెట్టారు చూడండి” అని రాశారు. దానికి లైకులు పడ్డాయి. ఆ తర్వాత ఆమె సొంత డబ్బుతో కొన్న డబ్బాల వీడియో పెట్టినా “ఇదీ పెయిడేనా” అన్న మాట తప్పలేదు.

దాంతో రెండో డీల్‌లో ఆమె రెండో కొసకి వెళ్ళింది. కంపెనీ లీగల్ టీమ్ ఇచ్చిన వాక్యాన్ని వీడియో మొదట్లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో వేసి, తనే చదివింది: “ఈ వీడియో ఫలానా సంస్థతో వాణిజ్య భాగస్వామ్యంలో రూపొందించబడినది. ఇందులోని అభిప్రాయాలు వ్యక్తిగతమైనవి.” రోజూ “ఏంటండీ, తిన్నారా” అని మొదలుపెట్టే మనిషి అక్కడ ఆకాశవాణి వార్తలు చదువుతున్నట్టుంది. ఆ వీడియో చూపు మొదటి అర నిమిషంలోనే కూలింది.

గ్రైండర్ కంపెనీ మూడో డీల్‌తో వచ్చేసరికి ఆమె నిర్ణయం అయిపోయింది. “అన్నా, దాస్తే తిడుతున్నారు, చెప్తే పోతున్నారు. దాచి తిట్టించుకోవడమే నయం” అంది.

గ్రాఫ్ ఏం చెప్పింది

ఆ మాటకి ఒప్పుకునే ముందు రెండు వీడియోల రిటెన్షన్ గ్రాఫులు YouTube Studioలో తెరిపించాను. సగటు చూపు ఎంత, వ్యూస్ ఎన్ని అన్నవి ఇక్కడ పనికిరావు. ఏ సెకను దగ్గర జనం లేచి వెళ్ళారో చూడాలి.

రెండో వీడియోలో పడిపోవడం మొదలైంది ‘వాణిజ్య భాగస్వామ్యం’ అన్న మాట దగ్గర కాదు. ఆ మాట రాకముందే, నల్ల తెర వచ్చిన మొదటి సెకను నుంచే గీత జారిపోతోంది. అప్పటికి ఆమె గొంతు కూడా సరిగ్గా వినిపించదు. అంటే జనం పారిపోయింది డబ్బు సంగతి విని కాదు, ఏమీ కనిపించని తెర చూసి. పైగా ఆ తెర దాటి నిలబడినవాళ్ళు తర్వాత వస్తువు గురించి చెప్పే భాగంలో పెద్దగా కదల్లేదు. అక్కడ గీత దాదాపు చదునుగా ఉంది.

మొదటి వీడియోలో దీనికి తలకిందులు. మొదలు బాగుంది. కుక్కర్ గొప్పలు మొదలైన చోట గుంట, అది అయిపోయిన చోట గట్టు. గుంట తర్వాత గట్టు ఉందంటే చూసేవాళ్ళు ఆ ముక్కని వేలితో దాటేసి వెళ్ళారని అర్థం. నోటితో చెప్పకపోయినా వాళ్ళకి తెలిసిపోయింది. దాచినందుకు కూడా ఖర్చు పడింది, కాకపోతే వేరే చోట పడింది. అదీ కంపెనీ డబ్బిచ్చిన చోటే.

రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి ఇంతకంటే ఎక్కువ చెప్పడం సాహసం. వస్తువు వేరు, థంబ్‌నెయిల్ వేరు, రోజు వేరు. కానీ ఆమె పట్టుకున్న “చెప్తే పోతారు” అన్న సిద్ధాంతానికి మాత్రం ఈ గ్రాఫుల్లో ఆధారం లేదు. కంపెనీవాళ్ళకి కూడా ఇదే చూపించాను. నీతి చెప్తే మీటింగ్‌లో తలూపి వదిలేస్తారు. మీరు కొన్న రెండు నిమిషాలనే జనం దాటేస్తున్నారని చూపిస్తే కుర్చీలో ముందుకి వంగుతారు.

నిబంధనలు, అవసరమైనంత వరకే

ఏఎస్‌సీఐ, అంటే ప్రకటనల రంగం తనకి తానే పెట్టుకున్న మండలి, ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి వచ్చిన పోస్టులకి వర్తిస్తున్నాయి. వీడియో 15 సెకన్లు లేదా అంతకంటే తక్కువైతే లేబుల్ కనీసం 3 సెకన్లు ఉండాలి. అంతకంటే ఎక్కువ, 2 నిమిషాల లోపు అయితే నిడివిలో మూడో వంతు. 2 నిమిషాలు, ఆపైన అయితే ఆ బ్రాండ్ గురించి, దాని సుగుణాల గురించి చెప్పే భాగం మొత్తం లేబుల్ తెర మీద ఉండాలి. హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో పడేస్తే కుదరదు, ప్రొఫైల్‌లో ఒకసారి రాసి ఊరుకున్నా కుదరదు. డబ్బు ఇవ్వకుండా వస్తువు ఊరికే ఇచ్చినా అది చూసేవాళ్ళకి చెప్పాల్సిన సంబంధమే.

దీని వెనక చట్టం కూడా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ప్రచారం చేసినవాళ్ళ మీద కూడా వేయొచ్చు. ప్రచారమే చేయకుండా ఏడాది దాకా ఆపొచ్చు. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల్లో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి, నాకు ఈ కేసులో ఎక్కువ పనికొచ్చినవి అవే. వీడియోలో అయితే ప్రకటన అన్న సంగతి కనిపించాలి, వినిపించాలి కూడా. వీడియో ఏ భాషలో ఉంటే ఆ సంగతీ ఆ భాషలోనే ఉండాలి.

కనిపించాలి, వినిపించాలి అనడంలో అర్థముంది. రీల్స్ చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు. వంట వీడియో మటుకు చాలామంది చేతులు పిండిలో పెట్టుకుని చెవులతోనే చూస్తారు. ఒక్కటే పెడితే రెండు గుంపుల్లో ఒకదానికి అందదు.

కథ ఎక్కడుంది

కంపెనీ పంపిన స్క్రిప్ట్‌లో కథ లేదు, గ్రైండర్ ఉంది. “ఇందులో రుబ్బితే పోషకాలు పోవు”, “చలికాలంలో కూడా ఆరు గంటల్లో పిండి పొంగుతుంది” అని రెండు వాక్యాలున్నాయి. రెండింటికీ ఆధారం అడిగాను. ఏ పరీక్ష, ఎవరు చేశారు, ఎంత వేడిలో అని. జవాబు రాలేదు, వాక్యాలు పోయాయి. పెయిడ్ అని లేబుల్ వేసినంత మాత్రాన ఆధారం లేని మాట చెల్లదు. ఆ రెండింటినీ కలిపేసుకునేవాళ్ళు కంపెనీల్లో ఎక్కువ.

కథ ఆమె మాటల్లోనే దొరికింది. విజయవాడలో రాత్రి రుబ్బి పెడితే పొద్దున్నకి మూత ఎత్తేసే పిండి, బెంగళూరులో డిసెంబర్ చలికి గిన్నెలో కదలకుండా కూర్చుంటుంది. ఇక్కడికి వచ్చిన ప్రతి తెలుగు ఇంటిలోనూ ఈ బాధ ఉంది. ఉప్పు వేయకుండా పెట్టి చూడటం, ఓవెన్‌లో లైటు వేసి పెట్టడం, గిన్నెకి దుప్పటి చుట్టడం, తలా ఒక చిట్కా. దీనికి గ్రైండర్ ఏమైనా సాయం చేస్తుందా అన్నదే అసలు ప్రశ్న. మిక్సీలో పప్పు వేడెక్కుతుంది, గ్రైండర్‌లో చల్లగా ఉంటూ గాలి పట్టుకుని పిండి తేలికగా లేస్తుంది, అంతవరకు ఆమెకి తెలుసు. చలిలో ఏమవుతుందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

కాబట్టి చేసి చూద్దామన్నాం. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, రెండు విడతలు, ఒకే పప్పు ప్యాకెట్. ఒకటి ఆమె పాత మిక్సీలో, ఒకటి గ్రైండర్‌లో దాదాపు అరగంట. రెండూ ఒకే సైజు గాజు గిన్నెల్లో పోసి, పిండి ఎంత ఎత్తున ఉందో అక్కడ రబ్బరు బ్యాండ్ వేసి, రాత్రి తొమ్మిదింటికి ఒకే గట్టు మీద పెట్టింది. గ్రైండర్ పిండి చుక్క నీళ్ళలో వేస్తే తేలింది, మిక్సీది మునిగింది. ఆ షాట్ చాలా బాగా వచ్చింది.

పొద్దున్న ఏడింటికి చూస్తే రెండూ పొంగలేదు. గ్రైండర్ పిండి రబ్బరు బ్యాండ్ మీదకి వేలెడు కూడా ఎక్కలేదు. మధ్యాహ్నానికి గ్రైండర్ పిండి బాగా లేచింది, మిక్సీది కొంచెం లేచింది.

కంపెనీ తరఫున చూస్తున్నాయన తెలుగాయనే, మంచాయన. ఫుటేజ్ చూసి, “పొద్దున్న షాట్ తీసేద్దామండీ. రాత్రి పెట్టింది చూపించి, నేరుగా పొంగింది చూపిద్దాం” అన్నారు. అలా చేస్తే చూసేవాళ్ళు రాత్రి రుబ్బితే పొద్దున్నకి పొంగిందనే అనుకుంటారు. మాటతో అబద్ధం చెప్పలేదు కదా అంటే కుదరదు, కత్తెరతో చెప్పినట్టే. ఇక్కడ నాకు కాంట్రాక్ట్ సాయపడింది. వస్తువు గురించి తప్పు సమాచారం ఉంటే కంపెనీ సరిదిద్దొచ్చు, కానీ పరీక్షలో వచ్చిన ఫలితాన్ని, చెప్పిన లోపాన్ని తీసేయమని అడగకూడదు అని సంతకాలకి ముందే ఒక క్లాజ్ రాయించాను. పెయిడ్ అని చెప్పే డిస్‌క్లోజర్‌కీ ఈ క్లాజ్‌కీ సంబంధం ఏంటని అప్పుడు ఆయన అడిగారు. సంబంధం ఏంటో ఓపెనింగ్ రాసేటప్పుడు తేలింది.

పనిచేయని రెండు కట్‌లు

మొదటి కట్‌లో ఆమె కోరిక మీద డబ్బు సంగతి మూడో నిమిషం దగ్గర, గ్రైండర్ భాగం మొదలయ్యే ముందు పెట్టాం. “ఈ వీడియోకి సపోర్ట్ చేసిన ఫలానా కంపెనీకి థాంక్స్” అని ఆమె నవ్వుతూ చెప్పింది. వినడానికి బాగుంది. కానీ గ్రైండర్ మొదటి నిమిషం నుంచే గట్టు మీద కనిపిస్తోంది, లేబుల్ లేదు.

నేను ఏ కట్‌నైనా ఒక పద్ధతిలో పరీక్షిస్తాను. ఛానెల్ తెలియని నలుగురైదుగురు తెలుగువాళ్ళకి ఫోన్ ఇచ్చి చూడమంటాను. ఏం చూడాలో చెప్పను. అయ్యాక మామూలుగా ఒక ప్రశ్న అడుగుతాను: “ఈ వీడియోకి ఆమెకి ఎవరైనా ఏమైనా ఇచ్చారా?” ఈ కట్ చూసినవాళ్ళు, “గ్రైండర్ పంపించుంటారు”, “డిస్కౌంట్ ఇచ్చారేమో”, “ఏమో, థాంక్స్ అంది కదా” అన్నారు. డబ్బు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ‘సపోర్ట్’, ‘థాంక్స్’ అన్నవి మర్యాద మాటలు, సమాచారం కావు. లీగల్ నోటీసు వీడియోకి ఎంత అతకదో, ఈ మర్యాద డిస్‌క్లోజర్‌కి అంత అతకదు.

రెండో కట్‌లో మాట ముందుకి తెచ్చాం, తెర మీద లేబుల్ కూడా వేశాం. ఎడిటర్ కుర్రాడికి రుచి ఎక్కువ. ఫ్రేమ్ అందం చెడకూడదని సన్నటి తెల్ల అక్షరాలు, కింద కుడి మూల పెట్టాడు. పెద్ద మానిటర్ మీద చూస్తే పద్ధతిగా ఉంది. ఫోన్‌లో చూస్తే తెల్ల పిండి మీద తెల్ల అక్షరాలు, దాని కింద యూట్యూబ్ సబ్‌టైటిల్స్. రీల్‌లో అయితే ఆ చోటే క్యాప్షన్, లైక్ బటన్లు కూర్చుంటాయి. లేబుల్ ఉందని తెలిసిన నాకే వెతుక్కోవాల్సి వచ్చింది.

దాన్ని పైన ఎడమ వైపు, అంచు నుంచి కాస్త లోపలికి జరిపాం. ముదురు పట్టీ మీద పసుపు అక్షరాలు, ‘పెయిడ్ ప్రమోషన్’ అని తెలుగులో, పక్కన కంపెనీ పేరు. అక్షరాల ఎత్తు సబ్‌టైటిల్ అక్షరాలకి తగ్గకూడదు అన్నది నా కొలత. ఎండలో బాల్కనీలో నిలబడి, చెయ్యి చాచి ఫోన్ పట్టుకుని చదవగలిగితే చాలు. ఎడిటర్ మొహం మాడ్చుకున్నాడు కానీ, ఆ పసుపు ఆమె థంబ్‌నెయిల్స్‌లో వాడే పసుపే అని చూపించాక ఊరుకున్నాడు.

చివరికి నిలిచిన ఓపెనింగ్

మాట ఎలా చెప్పాలన్న దగ్గర చాలాసేపు ఆగాం. గ్రాఫ్ చెప్పిన దాని ప్రకారం కథ ఆగితే జనం పోతారు. కాబట్టి డబ్బు సంగతి కథని ఆపే వాక్యం కాకూడదు, కథని ముందుకి తోసేది కావాలి. అది ఎప్పుడు సాధ్యం? డబ్బు తీసుకోవడం వల్ల ఆ కథలో ఏదో ఒక ఇరకాటం ఉన్నప్పుడు. మా దగ్గర ఆ ఇరకాటం ఉంది: డబ్బిచ్చినవాళ్ళ పిండి పొంగలేదు.

వీడియో పొద్దున్న ఏడింటి షాట్‌తో మొదలైంది. రెండు గిన్నెలు, రెండు రబ్బరు బ్యాండ్లు. లేబుల్ మొదటి ఫ్రేమ్ నుంచే ఉంది. ఆమె మాటలు ఇవి:

“రాత్రి తొమ్మిదింటికి పెట్టా. ఇప్పుడు పొద్దున్న ఏడు. చూడండి, రెండూ పొంగలేదు. ఇది మిక్సీ పిండి, ఇది గ్రైండర్ పిండి. ఈ గ్రైండర్ కంపెనీవాళ్ళు నాకు డబ్బులిచ్చి ఈ వీడియో చేయించుకుంటున్నారు, గ్రైండర్ కూడా ఊరికే ఇచ్చారు. అయినా పొంగనిదాన్ని పొంగిందని చెప్పమని కాంట్రాక్ట్‌లో లేదు. మధ్యాహ్నం దాకా చూద్దాం.”

కంపెనీ ఆయనకి ‘డబ్బులిచ్చి చేయించుకుంటున్నారు’ అన్నది మోటుగా అనిపించింది. “కొలాబరేషన్ అనొచ్చు కదండీ, రూల్స్‌లో కూడా ఆ మాట ఉంది” అన్నారు. ఉంది, నిజమే. లేబుల్ మీద ఏ మాట చెల్లుతుందో అది వేరే సంగతి. నోటి మాటకి నా కొలత ఆ ఫోన్ పరీక్షే. ఈ కట్ చూసినవాళ్ళని అదే ప్రశ్న అడిగితే అందరూ డబ్బులు, గ్రైండర్ రెండూ చెప్పారు. ఒకావిడ అయితే ప్రశ్న పట్టించుకోకుండా, “ఇంతకీ మధ్యాహ్నానికి పొంగిందా?” అని నన్నే అడిగింది. ఆ జవాబు ఆయనకి చెప్పాక మోటు అన్న మాట మళ్ళీ రాలేదు.

నేను తీయించిన వాక్యం ఒకటుంది. ఆమె అలవాటు కొద్దీ “ఇది నా హానెస్ట్ రివ్యూ” అని చేర్చింది. డబ్బు తీసుకున్న వీడియోని రివ్యూ అనడం నాకు ఇష్టం లేదు. పైగా నిజం చెప్తున్నా అని ఒట్టేసే మనిషి మీద అనుమానం పుడుతుంది. ఎవరు ఏమిచ్చారు, దేని మీద వాళ్ళకి చెయ్యి లేదు, ఈ రెండూ చెప్తే చాలు. నమ్మాలా వద్దా అన్నది చూసేవాళ్ళ ఇష్టం.

వీడియో తొమ్మిది నిమిషాలు దాటింది. నిబంధన ప్రకారం గ్రైండర్ గురించి మాట్లాడే భాగం అంతా లేబుల్ ఉంటే సరిపోతుంది. చట్నీ చేసే భాగంలో గ్రైండర్ లేదు కాబట్టి అక్కడ తీసేశాం, మళ్ళీ గిన్నెల దగ్గరికి వచ్చినప్పుడు వేశాం. అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ ఉందన్న గడి టిక్ చేశాం. అలా చేస్తే యూట్యూబ్ తనే మొదట్లో కొన్ని సెకన్లు Includes paid promotion అని చూపిస్తుంది. అది అదనం అంతే. సన్నగా, కాసేపే ఉండేదాన్ని నమ్ముకుని మన లేబుల్ మానేయకూడదు. డిస్క్రిప్షన్ మొదటి వాక్యంలో కూడా సంగతి రాశాం, ‘మరింత’ నొక్కకముందే కనిపించేలా.

ఇవన్నీ అప్‌లోడ్‌కి ముందే తేల్చుకోవడానికి ఒక కారణం ఉంది. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో స్థానంలో కొత్త ఫైల్ పెట్టలేం. ముక్క కోసేయొచ్చు, మసక చేయొచ్చు, కానీ మర్చిపోయిన లేబుల్‌ని, చెప్పని మాటని లోపల చేర్చలేం. తీసేసి మళ్ళీ పెడితే వ్యూస్, కామెంట్లు అన్నీ పోతాయి.

ఏం జరిగింది

మొదటి అర నిమిషం ఆమె మామూలు వంట వీడియోల స్థాయిలోనే నిలబడింది. డబ్బు మాట చెప్పిన చోట గీతలో విడిగా కనిపించే గుంట లేదు. గ్రైండర్ భాగంలో కుక్కర్ వీడియోలోలా దాటేసిన గుర్తు లేదు. గ్రైండర్ లోపాలు చెప్పే చోట, అంటే రాళ్ళ సందుల్లో పిండి ఇరుక్కుని కడగడం ఒక పని అవుతుందని చూపించే చోట, కొంతమంది వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశారు. కొనాలనుకునేవాళ్ళు ఆగేది అలాంటి చోటే.

కామెంట్లలో ‘పెయిడా’ అన్న ప్రశ్న రాలేదు, అడగడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి. ఒకరు “డబ్బులు తీసుకుని మరీ పొంగలేదన్నావు అక్కా” అని నవ్వు బొమ్మలు పెట్టారు. తిట్లు లేవని కాదు. “ఎంతిచ్చారేంటి” అన్నవాళ్ళున్నారు. చాలా కామెంట్లు మాత్రం చలిలో పిండి ఎలా పొంగించాలన్న చర్చలోకి వెళ్ళిపోయాయి. కంపెనీకి అమ్మకాలు ఎలా ఉన్నాయో నాకు చెప్పలేదు. రెండో వీడియో అడిగారు.

ఈ పద్ధతి అన్నిచోట్లా నడవదు. ఇరకాటం లేని డీల్స్ ఉంటాయి. చీరల షాపు ఓపెనింగ్‌కి వెళ్ళి అన్నీ బాగున్నాయి అని చెప్పడమే పని అయితే, డబ్బు మాటకి కథలో చోటు దొరకదు. అక్కడ లేబుల్, ఒక తిన్నని వాక్యం, అంతే. కాస్త చూపు తగ్గినా భరించాలి. ఓపెనింగ్‌లో ఇరకాటం కావాలని లేని లోపాన్ని కల్పించమన్న కంపెనీ కూడా ఆ తర్వాత ఒకటి తగిలింది. ఒప్పుకోలేదు.

రీల్, దాని ముక్కలు

అదే ఫుటేజ్‌తో 48 సెకన్ల రీల్ కూడా ఒప్పందంలో ఉంది. లెక్క ప్రకారం లేబుల్ 16 సెకన్లు చాలు. కంపెనీ టీమ్‌లో ఒకమ్మాయి “3 సెకన్లు కదా” అంది. అది 15 సెకన్ల లోపు వాటికి. నేను 48 సెకన్లూ ఉంచమన్నాను. రీల్ మొత్తం గ్రైండర్ గురించే, మధ్యలో తీస్తే ఏదో దాచినట్టుంటుంది. ఇన్‌స్టాలో పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ ట్యాగ్ కూడా పెట్టాం. కానీ ఈ రీల్స్ ఇన్‌స్టాలో ఆగవు. ఎవరో డౌన్‌లోడ్ చేసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పడేస్తారు. అక్కడికి ట్యాగ్ రాదు, క్యాప్షన్ రాదు. వీడియోలోనే అచ్చు వేసిన పసుపు పట్టీ ఒక్కటే వస్తుంది.

తర్వాత కంపెనీ తన యాడ్స్ కోసం 12 సెకన్ల ముక్క కోసుకుంది. నీళ్ళలో తేలే చుక్క, మధ్యాహ్నం పొంగిన గిన్నె. పొద్దున్న షాట్ లేదు. రాత్రి పెట్టిన షాట్ కూడా లేదు కాబట్టి ఎన్ని గంటల్లో పొంగిందన్న అబద్ధం అందులో లేదు. దానికి అభ్యంతరం చెప్పలేదు, కానీ గిన్నె షాట్ మీద ‘15 గంటల తర్వాత’ అని వేయించాను. లేబుల్ ఎలాగూ ఫ్రేమ్‌లోనే ఉంది. ఇప్పుడు కాంట్రాక్ట్‌ల్లో కంపెనీ కోసుకునే ముక్కలు కూడా నాకు చూపించాలని రాయిస్తున్నాను.

ఆ గ్రైండర్ ఇప్పటికీ ఆమె వంటింటి గట్టు మీదే ఉంది. ఆ తర్వాత పెసరట్టు వీడియోలో, దోసెల వీడియోలో అదే వాడింది. వాటికి ఎవరూ డబ్బివ్వలేదు. “ఇప్పుడు కూడా చెప్పాలా అన్నా?” అని అడిగింది. వెనక ఊరికే కనిపిస్తే అక్కర్లేదు అన్నాను. రుబ్బుతూ దాని గురించి ఒక్క మంచి మాట అన్నా, “ఇది ఆ కంపెనీ ఊరికే ఇచ్చిందే” అని నోటితో చెప్పి, ఆ భాగంలో తెర మీద లేబుల్ వేసి, డిస్క్రిప్షన్ మొదట్లో ఒక వాక్యం రాయమన్నాను. పెసరట్టు వీడియోలో ఆమె ఆ మాట అంటూనే, “మొన్న పొంగలేదు చూడండి, అదే” అని కలిపింది.